వేగం తగ్గించి, బెల్టు ఎత్తు పెంచు

చి. సౌ. లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న మైలాపూర్ వచ్చినప్పుడు నువ్వు రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగడం చూశాను. అడిగితే ఏమీ లేదన్నావు. అసలు సంగతి మీ అమ్మ ఫోనులో చెప్పింది. పెరుంగుడిలో మీ అపార్టుమెంటు జిమ్ములో ట్రెడ్‌మిల్ మీద గంటకు 6 కిలోమీటర్ల వేగంతో, రోజుకు అరగంట చొప్పున నాలుగు రోజులు నడిచావట. ఐదో రోజుకు కుడి మోకాలు వాచిందట. ముప్పై ఏళ్లు ఫిజియోథెరపీ చేసిన పెద్దమ్మ ఊళ్లోనే ఉండగా ఎవరో వీడియోలో చెప్పింది విన్నావు. సరే, ఆ కోపం ఇక్కడితో వదిలేస్తున్నాను.

చదును నేల మీద మామూలుగా నడిచినా, అడుగు పడిన ప్రతిసారీ మోకాలి కీలు మీద ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్ల భారం పడుతుంది. నీ బరువు 106 కిలోలు. అంటే ఒక్కో అడుగుకు దాదాపు 265 కిలోలు. అరగంటలో మూడు వేలకు పైగా అడుగులు వేస్తావు, వాటిలో సగం కుడి కాలివే. వేగం పెంచిన కొద్దీ అడుగు మరింత గట్టిగా పడుతుంది. నీ గుండె తట్టుకుంది కానీ మోకాలు తట్టుకోలేదు. కీలు చుట్టూ ఉన్న కండరాలకు అలవాటు పడే వ్యవధి నువ్వు ఇవ్వలేదు.

ట్రెడ్‌మిల్ మానెయ్యమని చెప్పడం లేదు. వేగం సగానికి తగ్గించి బెల్టును వాలుగా పెట్టుకోమంటున్నాను. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల లెక్క ఒకటి ఉంది, మేము రోజూ వాడేవాళ్లం. నిమిషానికి ఎన్ని మీటర్లు నడుస్తున్నామో దానిలో పదో వంతు, ఎత్తు ఎక్కడానికి వేగాన్ని వాలుతోనూ 1.8తోనూ గుణించినంత, ఊరికే నిలబడినా ఖర్చయ్యే 3.5, ఈ మూడూ కలిపితే కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలో వస్తుంది. నువ్వు నడిచిన 6 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 100 మీటర్లు. 10కి 3.5 కలిపితే 13.5. ఇప్పుడు 3 కిలోమీటర్ల వేగంతో 6 శాతం వాలు మీద నడిచావనుకో. 50 మీటర్లకు 5, ఎక్కడానికి 50ని 0.06తోనూ 1.8తోనూ గుణిస్తే 5.4, పైన 3.5, మొత్తం 13.9. సగం వేగంతోనే ఒంటికి అంతే శ్రమ, ఇంకా కాస్త ఎక్కువే. అడుగులేమో నెమ్మదిగా, తక్కువగా పడతాయి. పైగా కొండ ఎక్కితే దిగాలి, దిగేటప్పుడే మోకాలికి ఎక్కువ దెబ్బ. ట్రెడ్‌మిల్ మీద దిగడం అనేది లేదు.

అయితే ఈ లెక్క నువ్వు ముందున్న కడ్డీని పట్టుకోనంత వరకే నిజం. కడ్డీ పట్టుకుని వెనక్కి వాలావంటే ఎత్తు ఎక్కే పని చేతుల మీదకు పోతుంది. చేతులు వదిలి నడవలేకపోతే వాలు ఎక్కువైందని అర్థం. రెండో సంగతి, వాలు మోకాలికి తగ్గించిన భారంలో కొంత పిక్కకూ మడమకూ అప్పజెబుతుంది. పొద్దున మంచం దిగి వేసిన మొదటి అడుగులో మడమ కింద గుచ్చినట్టు అనిపిస్తే వాలు వెంటనే తగ్గించు. ఆ నొప్పి పట్టుకుంటే నెలల తరబడి వదలదు. అందుకే 12 శాతం జోలికి పోవద్దు. 2 శాతంతో మొదలుపెట్టి రెండు వారాలకు ఒక శాతం చొప్పున పెంచు. అన్నట్టు, మీ మెషీను మీద ఎంత బరువు వరకు అని రాసిన చిన్న స్టిక్కరు ఉంటుంది, అది చూశాకే ఎక్కు. ఇళ్లలో వాడే మెషీన్లలో కొన్ని 100 కిలోల దగ్గరే ఆగిపోతాయి.

మోకాలు వాచి ఉన్న ఈ వారంలో మాత్రం నీకు సైకిలే. బరువంతా సీటు మోస్తుంది కాబట్టి కీలు మీద పడేది నీ ఒంటి బరువు కంటే కొంచెమే ఎక్కువ. కానీ సీటు ఎత్తు తప్పితే ఈ లాభం పోతుంది. సీటు మీద కూర్చుని పెడల్ కింది చివర ఉన్నప్పుడు మడమను దాని మీద పెట్టు. కాలు నిటారుగా చాచుకోవాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అంతే చాలు. లావుగా ఉన్నవాళ్లు పడతామన్న భయంతో సీటు దించుకుంటారు. అప్పుడు మోకాలు మరీ వంగి, చిప్ప వెనక ఒత్తిడి పెరిగి ముందు భాగం నొస్తుంది. మోకాలి వెనక లాగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైందన్నమాట. హ్యాండిల్ పైకి పెట్టుకో, లేకపోతే పొట్ట తొడలకు అడ్డు వస్తుంది. భారం తక్కువగా పెట్టి, నిమిషానికి 60 నుంచి 70 సార్లు పెడల్ తిరిగేలా తొక్కు. మొదటి వారం పది నిమిషాలకే పిరుదులు నొస్తాయి. అది మామూలే, లేచి రెండు నిమిషాలు తిరిగి మళ్లీ కూర్చో. తిమ్మిరి ఎక్కితే మాత్రం ఆపి, సీటు మొన పైకి లేచి ఉందేమో చూసుకో.

ఇక ఈత. కీళ్లకు నీళ్లంత హాయి ఇంకొకటి లేదని అందరూ చెబుతారు, నిజమే. ఛాతీ వరకు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడేది ఒంటి బరువులో మూడో వంతుకు అటూ ఇటూ. కానీ నీకు ఈత రాదు. రానివాళ్లు ఒక చివర నుంచి ఇంకో చివరకు చేరేసరికి ఊపిరి అందక ఆగిపోతారు. అరగంట నీళ్లలో ఉన్నా కదిలింది ఐదారు నిమిషాలే ఉంటుంది. పైగా నేర్పేవాళ్లు చాలామంది కప్ప ఈతతో మొదలుపెడతారు. ఆ తన్నులో మోకాలి లోపలి పక్క మెలితిరుగుతుంది, నీ కుడి మోకాలికి అది పనికిరాదు. మీ అపార్టుమెంటు కొలను నాలుగు అడుగుల లోతే కదా, అందులో ఈత మాట పక్కన పెట్టి ఊరికే నడువు. చేతులు నీళ్లలో ఊపుతూ ముందుకు ఇరవై అడుగులు, వెనక్కి ఇరవై అడుగులు. నీటి అడ్డే నీకు వ్యాయామం. ఈత నేర్చుకునే ముచ్చట తర్వాత చూద్దాం, అప్పుడు వెల్లకిలా ఈదడంతో మొదలుపెట్టమని నేనే చెబుతాను.

ఈ రెండు వారాలూ సోమ, బుధ, శుక్రవారాల్లో సైకిల్ పదిహేను నిమిషాలు, శనివారం నీళ్లలో ఇరవై నిమిషాలు. వాపు పూర్తిగా తగ్గాకే బుధవారం సైకిల్‌కు బదులు ట్రెడ్‌మిల్, 3 కిలోమీటర్ల వేగం, 2 శాతం వాలు, పది నిమిషాలు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, శ్రమ అంతే ఉండాలి. కుట్టుపని టేపు ఒకటి దగ్గర పెట్టుకుని రోజూ పొద్దున మంచం మీదే చిప్పకు పైన చుట్టుకొలత తీసి రాసుకో. ముందు రోజు కంటే ఒక సెంటీమీటరు పెరిగితే ఆ రోజు వ్యాయామం వద్దు. ఛాతీ బిగిసినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా, వేడిగా ఉన్నా నాకు ఫోను చేయకు, నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లు. నీ బీపీ మాత్రల సంగతి కూడా ఆయనకు చెప్పాకే ట్రెడ్‌మిల్ ఎక్కు.

శనివారం నేనే వస్తాను. సీటు ఎత్తు చూసి, స్టిక్కరు చదివి, నీతో పాటు కొలనులో దిగుతాను. మీ అమ్మను గట్టున కూర్చోబెట్టు, వంకాయ బజ్జీలు తెస్తానంటే వద్దని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ