కొళాయిల సర్వే గురించి నీ పెద్దమ్మ రాసేది

చిట్టితల్లీ,

ఏడో తరగతి పిల్లలతో ఊళ్ళో నీటి వృథా మీద సర్వే చేయించబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ సంతోషంలో రెండు మూడు సార్లు ఆ మాటే అందరికీ చెప్పుకున్నాను. ఆ తరువాత నీ ప్రశ్నల కాగితం చూశాను. అప్పటినుంచి మనసు కుదురుగా లేదు.

పై వరుసలో ఇంటి యజమాని పేరు, రెండో ప్రశ్న 'మీ ఇంట్లో నీరు వృథా చేస్తారా?' ఈ రెండూ కొట్టెయ్యి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, నలుగురేసి పిల్లల జట్లు, ఇవన్నీ నీకు తెలిసినవే. ఆ రెండు వరుసల సంగతి మాత్రం నేను చెప్పాలి, ఎందుకంటే అచ్చం అవే నేనూ రాశాను.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు అది. పిల్లలు ఇంటింటికీ తిరిగారు. వృథా చేస్తారా అని అడిగితే ఏ ఇల్లాలైనా అవునంటుందా? అందరూ లేదన్నారు. అప్పుడు నేను, కళ్ళారా చూసింది రాయండర్రా అన్నాను. వాళ్ళు చూసింది చూసినట్టు రాశారు. నేను ఇళ్ళ పేర్లతో పెద్ద చార్టు గీయించి, నీళ్ళు ఎక్కువ పోయే ఇంటిని ఎర్ర రంగుతో దిద్దించి, తరగతి గోడకు అంటించాను. ఆ ఇల్లు మా తరగతిలో ఒక పాపది. మర్నాడు ఆ పాప బడికి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వాళ్ళమ్మ వచ్చింది. చీర కొంగు తడిగా ఉంది, పనిలోంచి లేచి వచ్చినట్టుంది.

“టీచరుగారూ, ఆ కొళాయి మాది కాదండీ. వీధి కొళాయి. దాని పక్కన మేము ఉంటున్నాం, అంతే. తిప్పేది విరిగిపోయిందని పంచాయతీలో రెండుసార్లు మేమే చెప్పాం” అంది.

ఆవిడ ముందే చార్టు చించేశాను. కానీ ఆ పాప మళ్ళీ నాతో మునుపటిలా మాట్లాడటానికి ఏడాది పట్టింది. చూడు, ఆ కొళాయి గురించి ఊళ్ళో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆవిడే. మా ఫారంలో ఆవిడ మాట రాసుకునే చోటే లేదు.

అందుకని ఇళ్ళను లెక్కించకు, కొళాయిలను లెక్కించు. ప్రతి కొళాయికీ ఒక నంబరు ఇవ్వు, ఏ పేరూ వద్దు. ఇంటి కొళాయా, వీధిదా, బడిదా? కారుతోందా? ఎక్కడినుంచి, మూతి దగ్గరా, పైపు అతుకు దగ్గరా? ఎప్పటినుంచి? ఎవరికైనా చెప్పారా? వెళ్ళేముందు, ఇంటి కొళాయిలు ఎక్కువ కారుతాయా, వీధివా అని ప్రతి పిల్లా తన ఊహను నోట్‌బుక్‌లో రాసుకోవాలి. తిరిగి వచ్చాక దాన్ని చెరపనివ్వకు. ఊహ తప్పిన చోటే వాళ్ళు 'ఎందుకు?' అని అడుగుతారు.

కారే నీటిని కొలవడానికి ఒక గ్లాసు, ఒక గడియారం చాలు. 200 మిల్లీలీటర్ల గ్లాసు 4 నిమిషాల్లో నిండిందనుకో. గంటకు 15 గ్లాసులు, అంటే 3 లీటర్లు. ఇక్కడే పిల్లలు ఉత్సాహంగా 24తో గుణించి రోజుకు 72 లీటర్లు అంటారు. బడి ట్యాంకు కింది కొళాయిలో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి దానికి ఆ లెక్క సరే. వీధి కొళాయికి రోజుకు రెండు గంటలే నీళ్ళు వదిలితే పోయేది 6 లీటర్లు. ఆ 72 పట్టుకుని పంచాయతీకి వెళితే, నీళ్ళు వదిలే మనిషి ఒక్క మాటతో పిల్లల నోళ్ళు మూయిస్తాడు. అందుకే 'నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి?' అన్న ప్రశ్న తప్పనిసరిగా చేర్చు. ఒకే కొళాయిని నీళ్ళు వదిలిన మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలిపించు. ఒత్తిడి మారితే లెక్కా మారుతుంది. ఆ తేడా వాళ్ళే కనిపెట్టాలి, నువ్వు ముందే చెప్పెయ్యకు.

మొదట బడి చుట్టుపక్కల ఐదు కొళాయిల దగ్గర ప్రయత్నించి చూడు. పిల్లలకు అర్థం కాని ప్రశ్న ఏదో అక్కడే తేలిపోతుంది.

ఇంకొక మాట, దీనికి విసుక్కోకు. మీ బడి వెనక గట్టులేని బావి ఉందని మీ అమ్మ అంది. ఆ వైపు కొళాయిలు సర్వేలో వద్దు. లెక్క తక్కువైతే తక్కువైంది. గ్లాసు నిండే వరకు నిలబడలేక పిల్లలు అటు పరుగెత్తుతారు, నాకు తెలుసు. నువ్వూ చిన్నప్పుడు మన పెరటి బావిలోకి వంగి నీ గొంతు నువ్వే వింటూ ఉండేదానివి. నిన్ను వెనక్కి లాగి వీపు మీద ఒక్కటి వేసింది నేనే. ఆ రాత్రి నువ్వు నా దగ్గరే పడుకున్నావు.

కొత్త ఫారం రాశాక ముందు నాకు పంపు. కళ్ళజోడు మార్చాను, సన్న అక్షరాలైనా ఫరవాలేదు.

నీ పెద్దమ్మ