సంత తరలించాలంటే ఎవరెవరిని అడగాలి?

ప్రశ్న: కూకట్‌పల్లి వైపు మా కాలనీ రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా సాయంత్రం కూరగాయల బండ్లు పెడుతున్నారు. ఇప్పుడవి అరవై దాకా అయ్యాయి, అంబులెన్స్ కూడా రావడం లేదు. కిలోమీటరు దూరంలోని ఖాళీ స్థలానికి పంపాలని జీహెచ్‌ఎంసీకి అర్జీ పెట్టాం. బండ్లవాళ్లు కోర్టుకెళ్తామంటున్నారు. ఎవరి సంతకాలు ఉంటే మాకు ఇబ్బంది ఉండదు? – కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: సంతకాలు ఎన్ని తెచ్చినా లాభం లేదండీ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం తరలింపు టౌన్ వెండింగ్ కమిటీ సిఫార్సుతో జరగాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. మీలాంటి కాలనీ సంఘాలకూ ప్రాతినిధ్యం ఉంది. వీధి వ్యాపారులందరి సర్వే పూర్తయి, అర్హులకు వెండింగ్ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ కదిలించకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు తప్పదు. ఇవి లేకుండా బండ్లు ఎత్తేస్తే వాళ్లకు స్టే తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు.

కాబట్టి ముందు ఆ సర్వే జాబితా నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అది పట్టుకుని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రోడ్డు మీద నడవండి. నేను చూసిన ఒక కేసులో సర్వే సాయంత్రం పూటే చేశారు. పొద్దున్నే ఆరింటికి గోనెపట్టా పరిచి, ఆకుకూరలు అమ్ముకుని తొమ్మిదికల్లా వెళ్లిపోయే ఆడవాళ్ల పేర్లు జాబితాలోనే లేవు. చివరికి కోర్టుకెళ్లింది వాళ్లే.

నడుస్తున్నప్పుడు బల్బు వైర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా గమనించండి. ఆ కేసులో చాలా బండ్లకు కరెంటు వెనకున్న షాపుల్లోంచే వచ్చేది, దానికి రోజువారీ అద్దె ఉండేది. మీటింగులో బండ్లు పోవాలని అందరికంటే గట్టిగా అరిచిన షాపాయనే ఆ అద్దె తీసుకునేవాడు! అందుకే మీ సంఘంలో ఎవరికైనా ఆ రోడ్డు మీద షాపు ఉంటే ముందే చెప్పించి, ఆ మాట మినిట్స్‌లో రాయించండి. తీర్మానంలో వాళ్లను ఓటు వేయనివ్వకండి.

ఎవరు ఏం అడుగుతున్నారన్నది ఒకటి, వాళ్లకు నిజంగా కావలసింది ఇంకొకటి. మీరు తరలింపు అడుగుతున్నారు, మీకు కావలసింది అంబులెన్స్‌కు దారి. వాళ్లు ఇక్కడే ఉంటామంటున్నారు, వాళ్లకు కావలసింది బస్సు దిగి ఇంటికెళ్తూ కూరలు కొనే జనం. ఖాళీ స్థలానికి ఆ జనం రాకపోతే నెలలోపే బండ్లు మళ్లీ మీ రోడ్డెక్కుతాయి.

టేపు పెట్టి రోడ్డు వెడల్పు కొలవండి. బండ్లు ఒకవైపే గీత లోపల, సాయంత్రం నిర్ణీత వేళల్లోనే నిలిస్తే ఎంత దారి మిగులుతుందో ట్రాఫిక్ పోలీసులతో కలిసి చూడండి. వీలైనంతవరకు తరలింపు వద్దని చట్టం రెండో షెడ్యూలే చెబుతుంది గనుక, కమిటీ ముందు ఈ అర్జీకే బలం ఎక్కువ. ఎలాగూ దారి చాలదని తేలితే అవే కొలతలు తరలింపు అర్జీకి జతచేయండి. కొత్త చోట దీపాలు, మరుగుదొడ్డి, బస్‌స్టాప్ ఎంత దూరమో అందులో రాయండి. స్థలం ఎంపికకు బండ్లవాళ్ల ప్రతినిధులను మాత్రం వెంట తీసుకెళ్లండి. ప్రణాళికలో వాళ్లకు భాగం ఉండాలన్నదీ ఆ షెడ్యూలులోని మాటే.