పిల్లలతో వండర్‌లా: ఫాస్ట్‌ట్రాక్ టికెట్ మీకు అక్కర్లేదు

ప్రశ్న: సార్, మాది నల్లగొండ. దసరా సెలవుల్ల పిల్లలను రావిర్యాల వండర్‌లాకు కార్లో తీసుకపోదామని 10 వేలు జమ చేసిన. బాబుకు ఆరేండ్లు, పాపకు మూడేండ్లు, అమ్మకు 62. లైన్ల పిల్లలు నిలబడరు, ఫాస్ట్‌ట్రాక్ తీసుకోమంటున్నరు. పైసలు చాలకపోతే క్రెడిట్ కార్డు మీద పెట్టొచ్చా?

జవాబు: కార్డు తీయకండి. ఫాస్ట్‌ట్రాక్‌తో లైను తగ్గేది ముఖ్యంగా పెద్ద రైడ్ల దగ్గర. వాటికి కనీస ఎత్తు నిబంధన ఉంటుంది, ఆరేళ్ల బాబును చాలావాటిలో ఎక్కనివ్వరు. దాదాపు రెట్టింపు ధర కట్టి కూడా మీరు గడిపేది చిన్న పిల్లల రైడ్ల దగ్గరే.

ముందు ఇంట్లో గోడకు ఆనించి, చెప్పులు లేకుండా, పిల్లల ఎత్తు కొలవండి. ఇక్కడ టికెట్‌కు వయసు కాదు, ఎత్తే లెక్క. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. మూడేళ్ల పిల్లలు చాలామంది 90 దాటి ఉంటారు. పాపకు టికెట్ ఉండదనుకుని బయల్దేరితే గేటు దగ్గర లెక్క తప్పుతుంది.

ధరలు రోజును బట్టి మారతాయి కాబట్టి బుకింగ్ సైట్‌లో మీరు వెళ్లే తేదీ నొక్కి, పన్నుతో కలిపిన మొత్తం చూడండి. లెక్క కోసం పెద్దలకు 1,500, పిల్లలకు 1,200, అమ్మకు సీనియర్ సిటిజన్ తగ్గింపుతో 1,150 అనుకుందాం. మొత్తం 6,550. రానుపోను 200 కిలోమీటర్లకు పెట్రోలు, పంతంగి టోలు, ఔటర్ టోలు కలిపి 1,900. మిగిలే 1,550లో భోజనానికి 1,000, లాకర్‌కు, చిల్లరకు 550. అందరికీ ఫాస్ట్‌ట్రాక్ తీసుకుంటే టికెట్లకే 13 వేలు దాటుతుంది. అమ్మ ఆధార్ కార్డు అసలుదే పట్టుకెళ్లండి. ఆమె రైడ్లు ఎక్కకపోయినా ఆ టికెట్ దండగ కాదు. పాప నిద్రపోతే నీడలో ఆమె దగ్గర ఉంచి, మీరిద్దరూ బాబుతో తిరగొచ్చు.

లైను తగ్గాలంటే డబ్బు కన్నా రోజు ముఖ్యం. సెలవుల్లోనే అయినా మంగళ, బుధవారాలు చూడండి. పండుగకు అటూ ఇటూ ఉన్న రోజులు, ఆదివారం వద్దు. ఉదయం ఏడున్నరకు బయల్దేరి చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, రావిర్యాల ఎగ్జిట్‌లో దిగితే పది దాటేసరికి పార్కింగ్‌లో ఉంటారు. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ, పులిహోర కార్లోనే తినిపించేయండి. బయటి తిండి లోపలికి రానివ్వరు.

తెరిచిన మొదటి గంట పిల్లల రైడ్లకే ఇవ్వండి. లైనును మనుషుల తలలు లెక్కబెట్టి కాదు, ఎక్కే పిల్లల్ని లెక్కబెట్టి చూడాలి. ఒక రైడ్‌లో 16 సీట్లు, తిరగడానికి 3 నిమిషాలు, దించి ఎక్కించడానికి 2 నిమిషాలు అనుకోండి. ముందు 64 మంది పిల్లలుంటే నాలుగు విడతలు, అంటే 20 నిమిషాలు. మూడేళ్ల పాప అంతకంటే ఎక్కువ నిలబడదు. లెక్క 20 దాటితే పక్క రైడ్‌కు పోండి. లేదా ఒకరు పాపను నీడకు తీసుకెళ్లండి, ఇంకొకరు బాబుతో లైన్లో ఉండండి.

భోజనం 12:15కే కానివ్వండి. ఒంటిగంట దాటాక తిండి కౌంటర్ దగ్గర లైను రైడ్ లైనుతో పోటీ పడుతుంది. ఐదుగురికి ఐదు ప్లేట్లు తీసుకోకండి, మూడు తీసుకుని పిల్లలకు పంచండి, వాళ్లు సగం వదిలేస్తారు. తిన్నాక గిరగిర తిరిగే రైడ్ ఎక్కిస్తే వాంతి ఖాయం. ఒక గంట నీడలో కూర్చోబెట్టండి. పాప నిద్రకు అదే సమయం.

రెండు తర్వాత నీళ్లలోకి. కాటన్ బట్టలతో పూల్‌లోకి దిగనివ్వరు, వాటి పోగులు ఫిల్టర్లలో చేరతాయి. నైలాన్ బట్టలు నల్లగొండలోనే కొనండి, అక్కడ కొంటే చిల్లరకు ఉంచిన 550 ఒక్క జతకే పోవచ్చు. పాప పెదవులు నీలంగా మారినా, వణికినా వెంటనే బయటకు తీసి తుడిచి పొడి బట్టలు వేయండి. ముప్పై, నలభై నిమిషాలకు మించి ఒకే విడత ఉంచకండి.

ఐదుకల్లా లాకర్ ఖాళీ చేయండి. మూసే వేళకు అందరూ అక్కడికే వస్తారు, ఆ హడావుడిలో డిపాజిట్ వెనక్కి తీసుకోకుండా వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. తాళం ఇచ్చినప్పుడే చెల్లింపు రసీదు కూడా చూపండి.