వార్డు ప్రారంభం రోజు ఏం మాట్లాడాలంటే

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

మీ ఆసుపత్రిలో పసిపిల్లల కొత్త వార్డు ప్రారంభానికి నువ్వు రాసి పంపిన ఉపన్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి గడియారం ముందు పెట్టుకుని పైకి చదివితే పద్దెనిమిది నిమిషాలు పట్టింది. దాన్ని ఐదు నిమిషాలకు తీసుకురావాలమ్మా. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నాకు తోచింది రాస్తున్నాను.

ముందు ఆ రోజు షామియానా కింద ఎవరెవరు ఉంటారో ఒకసారి కళ్ళముందుకు తెచ్చుకో. రాత్రి డ్యూటీ దిగిన సిస్టర్లు ఇంటికి పోకుండా నీ కోసం ఆగుతారు. పగటి డ్యూటీ వాళ్ళు వార్డులో ఒకరిద్దరిని వదిలి పరుగున వస్తారు. ఆపరేషనయి నాలుగు రోజులైన తల్లులు కుట్ల నొప్పితో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. వీళ్ళని ఎంతసేపు కూర్చోబెట్టవచ్చో డాక్టరుగా నీకే తెలుసు. పైగా ఆ గోడ అవతల పాత వార్డులో నెలలు నిండని పిల్లలు ఉన్నారు. వాళ్ళ దగ్గర శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని మనమే నర్సులకు చెబుతాం. అది మామూలుగా మాట్లాడుకునే గొంతు కన్నా తక్కువ. కాబట్టి సౌండ్ బాక్సులు రోడ్డు వైపు తిప్పి పెట్టించు. ఈ పని ముందు రోజు సాయంత్రమే నువ్వు నిలబడి చేయించాలి, ఎవరికో చెప్పి వదిలేస్తే జరగదు.

ఇక కృతజ్ఞతలు. నీ ప్రతిలో మొదటి రెండు పేజీలూ పేర్లే, లెక్కపెడితే ఇరవై ఆరు. కలెక్టరు గారి నుంచి వార్డు మెంబరు దాకా వాళ్ళందరినీ పేరుపేరునా వేదిక మీదికి పిలిచేది సభ నడిపే ఆయన. నువ్వు మళ్ళీ చదవక్కర్లేదు. ఇరవై ఆరు మందిని చదివితే ఇరవై ఏడో మనిషి నొచ్చుకుంటాడు. ముగ్గురి పేర్లే చెప్పి, ఎందుకు చెబుతున్నావో కూడా చెబితే ఎవరూ లెక్కపెట్టుకోరు. "వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న అమ్మలకు నమస్కారం" అని మొదలుపెట్టు. కలెక్టరు గారికీ ఎమ్మెల్యే గారికీ కలిపి ఒకే వాక్యం చాలు, కానీ అందులో వాళ్ళు చేసిన పని ఉండాలి. కరెంటు పోయినప్పుడు బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు ఆగకుండా జనరేటర్ ఇప్పించారని రాశావు కదా, అదే చెప్పు.

రెండు వార్మర్లు కొనిచ్చిన పెద్దాయన గురించి "వదాన్యులు, దానశీలి" అని నాలుగు విశేషణాలు వేశావు. అవన్నీ తీసేసి, ఆ మిషన్ ఏం చేస్తుందో చెప్పు. "తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ తన ఒంటి వేడిని తను నిలుపుకోలేదు. 36.5 డిగ్రీల కంటే కిందికి జారితే ఊపిరి, చక్కెర రెండూ దెబ్బతింటాయి. ఈ పెద్దాయన తమ అమ్మగారి పేరు మీద ఇచ్చిన ఈ వార్మర్ కింద ఆ బిడ్డ వెచ్చగా ఉంటుంది." ఆయనకు దీన్ని మించిన శాలువా లేదు. అమ్మగారి పేరు సరిగ్గా ఎలా పలకాలో ఆయన్నే అడిగి రాసుకో. మూడో కృతజ్ఞత నీ పాత వార్డు సిస్టర్‌కి. ఇంత సన్నటి నరానికి సూది పెట్టడం నీకు నేర్పింది ఆవిడేనని నాతో ఎన్నోసార్లు అన్నావు. ఆ మాట మైకులో అను.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది నీ నాలుగో పేజీ కోసం. "ఇకపై ఈ జిల్లా నుంచి ఏ బిడ్డా విశాఖ వెళ్ళాల్సిన అవసరం ఉండదు" అని రాశావు. ఆ మాట నేనూ ఒకసారి అన్నాను. అప్పట్లో పనిచేసిన ఆసుపత్రిలో పిల్లల వార్డు తెరిచినప్పుడు, చప్పట్లు ఆగకుండా మోగుతుంటే, ఇంకాస్త గట్టిగా అన్నాను. మూడు నెలలకు ఒక రాత్రి రెండు గంటలప్పుడు 900 గ్రాముల బిడ్డను తువ్వాల్లో చుట్టి తెచ్చారు. మా దగ్గర వెంటిలేటర్ లేదు. విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్ళమన్నాను. ఆ తండ్రి కదల్లేదు. "మీరే కదా సార్ ఆ రోజు సభలో చెప్పారు, ఎక్కడికీ పోనక్కర్లేదని. అందుకే ఇక్కడికి తెచ్చాను" అన్నాడు. అరుపు లేదు, కోపం లేదు. నేను చెప్పింది నమ్మి దారిలో పెద్దాసుపత్రికి వెళ్ళే బస్సు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. ఆ బిడ్డ దక్కలేదు. బస్సు ఎక్కి ఉంటే దక్కేదో లేదో నాకు తెలియదు. కానీ ఆ మాట మాత్రం నాది.

అందుకని ఒక్కో వాగ్దానాన్నీ డ్యూటీ చార్టు పక్కన పెట్టి చూడు. మీకు 12 వార్మర్లు వచ్చాయి. ముగ్గురు పిల్లలకు ఒక నర్సు అనుకున్నా షిఫ్టుకు నలుగురు, రోజుకు పన్నెండు మంది కావాలి. వారం సెలవులూ నైట్ ఆఫ్‌లూ కలిపితే పదహారు మందికి తగ్గదు. నీ దగ్గర ఉన్నది తొమ్మిది మంది. అంటే మొదటి రోజు నుంచీ పన్నెండూ నడవవు. "ఈ రోజు ఆరు వార్మర్లతో మొదలుపెడుతున్నాం, సిస్టర్లు వచ్చే కొద్దీ మిగతావి తెరుస్తాం" అని అందరి ముందూ చెప్పెయ్. కలెక్టరు గారు అక్కడే ఉంటారు, ఫిర్యాదు చేసినట్టు కాకుండానే విషయం ఆయన చెవిన పడుతుంది.

మరి రేపటి మాట ఏం చెప్పాలి అంటావు. కచ్చితంగా చేయగలిగినవి రెండు ఉన్నాయి. ఒకటి, పచ్చకామెర్ల పిల్లలు. ఇన్నాళ్ళూ నీలం లైటు కోసం బిడ్డను విశాఖ పంపి, తల్లిని ఇక్కడ ఉంచేసేవాళ్ళం. ఇక ఆ బిడ్డ ఇక్కడే ఉంటుంది, మూడు గంటలకోసారి తల్లి వచ్చి పాలిస్తుంది. రెండోది, మనం చూడలేనంత చిన్న బిడ్డ వస్తే చేసేది. "పంపేస్తాం" అని ఊరుకోకు. "వెచ్చబరిచి, చక్కెర చూసి, ఆక్సిజన్ పెట్టి, అక్కడి డాక్టరుకు ఫోన్ చేసి, సిస్టర్‌ని తోడిచ్చి పంపుతాం" అను. ఈ మాటని ఏ అర్ధరాత్రి ఎవరు వచ్చి అడిగినా నువ్వు నిలబెట్టుకోగలవు.

నువ్వు చికిత్స చేసిన బిడ్డ కథ ఒకటి చేర్చావు, తల్లి పేరూ ఊరూ సహా. ఆ పేరు తీసెయ్. ఆ అమ్మాయిని వేదికెక్కించి బిడ్డను చూపించే ఆలోచన కూడా మానుకో. ఒప్పుకుందని అంటావు, నువ్వు అడిగితే కాదనగలదా?

ఇక ముగింపు. నువ్వు రాసిన పద్యం మంచిదే, కానీ అక్కడ నీ నుంచి జనానికి కావలసింది వేరు. రిబ్బన్ కట్ కాగానే నలభై మంది చెప్పులతో లోపలికి దూసుకొస్తారు. రేపటి నుంచి ఆ గదిలో పసికందులు ఉండాలి. అందుకని చివరి మాటగా ఇదే చెప్పు: "ఇప్పుడు ఐదుగురు మాత్రమే లోపలికి వస్తారు. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి, మోచేతుల దాకా సబ్బుతో రెండు నిమిషాలు కడుక్కుని, గౌను వేసుకుని వస్తారు. మిగతా అందరూ అద్దం లోంచి చూడండి." చెప్పి నువ్వే ముందు గాజులు తీసి పంపు దగ్గరికి నడువు. ఎమ్మెల్యే గారు నీ వెనకే వస్తారు.

తిరగరాసిన ప్రతిని పెద్ద అక్షరాల్లో రెండు కాగితాల మీద తీయించు. ఒకటి నీ దగ్గర, ఒకటి మైకు దగ్గర ఉండనీ. పంపితే మళ్ళీ గడియారం పెట్టి చదువుతాను. రాత్రి డ్యూటీ సిస్టర్లకు ముందు వరసలో కుర్చీలు వేయించడం మాత్రం మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు