రిఫరెన్స్ కాల్‌లో ‘బాగానే చేసేవాడు’ అంటే ఏమనుకోవాలి?

ప్రశ్న: మా టీమ్‌లోకి ఒకరిని తీసుకుంటున్నాం. పాత మేనేజర్‌కి ఫోన్ చేస్తే ‘మంచివాడండీ, బాగానే చేసేవాడు’ అని ఊరుకున్నారు. అసలు పనితనం తెలియాలంటే ఏం అడగాలి? ఇలా దాటవేసే జవాబుల్ని ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు: ‘మంచివాడు’ అనగానే సంతోషపడి నేనూ ఒకసారి ఫోన్ పెట్టేశాను. ఆ మనిషి నిజంగానే మంచివాడు. పని మాత్రం మూడో నెలకల్లా మా మెడకు చుట్టుకుంది. తప్పు ఆ మేనేజర్‌ది కాదు, నేను అడిగిందే ‘ఎలాంటివాడు?’ అని. అలా అడిగితే ఎవరైనా మర్యాదకు నాలుగు మంచి మాటలే చెబుతారు.

ఇప్పుడు ఫోన్ చేసేముందే అభ్యర్థిని ఒక మాట అడుగుతాను: ‘మీ పాత మేనేజర్‌తో మాట్లాడితే, మీరు ఏ విషయంలో మెరుగుపడాలంటారు?’ ఆ జవాబు కాల్‌లో చాలా పనికొస్తుంది. ‘ఈ సంగతి ఆయనే చెప్పారు, మీకెలా అనిపించేది?’ అంటే, వెనకాల చెడుగా చెబుతున్నామన్న జంకు అవతలివాళ్లకు సగం తగ్గుతుంది.

ఈ మధ్య అకౌంట్స్ టీమ్ లీడ్ పోస్టుకు చేసిన కాల్ సంగతి చెబుతాను. ముందు, ఇద్దరూ ఎంతకాలం కలిసి పనిచేశారో, రిపోర్ట్ చేసింది ఆయనకేనా అని అడిగాను. ఇది అడగాల్సిందే. మేనేజర్ అని ఇచ్చిన నంబర్ ఒక్కోసారి పక్క టీమ్‌లోని స్నేహితుడిది అయి ఉంటుంది. తర్వాత, ‘ఇదే పని చేసిన మిగతావాళ్లతో పోలిస్తే పదికి ఎన్ని మార్కులు వేస్తారు?’ అన్నాను. ఏడు అన్నారు. ఏడంటే పొగిడినట్టూ కాదు, తిట్టినట్టూ కాదు. అందుకే ‘తొమ్మిది వేయాలంటే ఏం మారాలి?’ అని అడిగి ఊరుకున్నాను. నాలుగైదు సెకన్లు అటునుంచి మాట లేదు. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి, ‘పర్లేదు లెండి’ అంటూ తామే వాళ్లకు దారి ఇచ్చేస్తారు. నేను నోరు మెదపలేదు.

‘కాస్త ముందుగా చెప్పే అలవాటుంటే బాగుండేది’ అన్నారు చివరికి. చూడ్డానికి చిన్నమాటే. ‘ఏ సంగతి ముందుగా చెప్పేవాడు కాదు? ఒకసారి జరిగింది చెప్పండి’ అన్నాను. నెలాఖరు లెక్కలు ముగించాల్సిన సాయంత్రం, బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో లెక్క కలవడం లేదని అప్పుడు బయటపెట్టాడట. అతనికి మాత్రం నాలుగు రోజుల ముందే తెలుసు. ఎన్నిసార్లు జరిగింది? ఏడాదిలో మూడుసార్లు. మీరు చెప్పాక మారాడా? ప్రతి బుధవారం కూర్చుని పెండింగ్ చూడటం మొదలుపెట్టాక ఆ సమస్య మళ్లీ రాలేదు. నాకు ఈ చివరి జవాబే అన్నిటికన్నా ముఖ్యం. లోపం అందరికీ ఉంటుంది, చెప్పాక ఏమైందన్నదే కావాలి.

ఆఖరున, మళ్లీ తీసుకుంటారా అని అడిగాను. ‘ఆ పనికైతే తప్పకుండా తీసుకుంటాను’ అన్నారు. ‘ఆ పనికైతే’ అన్న మాటను వదల్లేదు. మరి నలుగురిని నడిపించే పనికో? ‘ఇంకో ఏడాది ఆగితే మంచిది’ అన్నారు. ఇలాంటి షరతుల్ని వినాలి: ‘ఇష్టమైన పని ఇస్తే’, ‘సరైన మేనేజర్ ఉంటే’, ‘మొదట్లో’. వాటిని తీర్పుగా తీసుకోవద్దు. ఒక్కొక్కటీ మీరు అడగాల్సిన తర్వాతి ప్రశ్న. పని గురించి అడిగితే పదేపదే స్వభావం గురించి చెబుతున్నా అంతే. ‘ఆయన సొంతంగా పూర్తి చేసిన పని ఒకటి చెప్పండి’ అని తిరిగి అక్కడికే తీసుకురండి.

అన్ని మౌనాలూ చెడ్డవి కావు. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప ఏమీ చెప్పకూడదని చాలా కంపెనీల్లో రూల్ ఉంటుంది. దాన్ని అభ్యర్థి మీద వేయకండి. అందుకే మొదటే ‘మీ దగ్గర ఇలాంటి రూల్ ఏమైనా ఉందా?’ అని అడిగేస్తాను. కొందరి మాటతీరే పొదుపు. ఇంకొందరికి, వదిలి వెళ్లిపోయాడన్న కోపం ఉంటుంది. అలాంటి కోపంలో సంఘటనలు దొరకవు, విశేషణాలే వినిపిస్తాయి. అనుమానం వచ్చినప్పుడు అదే విషయాన్ని రెండో మనిషిని అడుగుతాను, మొదటివారు ఏమన్నారో చెప్పకుండా. ప్రస్తుతం పనిచేస్తున్న చోటికి మాత్రం అభ్యర్థి ఒప్పుకోకుండా ఫోన్ చేయకండి, అతని ఉద్యోగానికే ముప్పు.

ఆ అకౌంట్స్ అభ్యర్థినీ మళ్లీ పిలిచి మాట్లాడాం. మేనేజర్ మాటలు చెప్పలేదు. ‘గడువు దాటిపోతుందని మీకు ఎప్పుడు తెలుస్తుంది, ఎప్పుడు చెబుతారు?’ అని మాత్రం అడిగాం. ఆలస్యంగా చెప్పేవాడినని, వారం వారం కూర్చోవడం మొదలయ్యాక మారానని తనే చెప్పాడు. లీడ్‌గా కాకుండా సీనియర్‌గా తీసుకున్నాం. బుధవారం మీటింగ్ మా దగ్గరా నడుస్తోంది.