యాప్‌లో తెల్ల పేజీ: అప్‌డేట్ చేయాల్సింది క్రోమ్‌ను

"ఆండ్రాయిడ్ 8 ఫోను. కరెంటు బిల్లు యాప్‌లో చెల్లింపు నొక్కగానే తెల్ల పేజీ వస్తోంది. Android System WebView చూస్తే Disabled అని ఉంది. బ్రాడీపేటలో దుకాణం వాళ్లు ఫోను మార్చమంటున్నారు. – గుంటూరు నుంచి"

ఫోను మార్చకండి, ఆ మాట వాళ్ల వ్యాపారం కోసం. Disabled అని ఉండటం లోపం కాదండీ. ఆండ్రాయిడ్ 7, 8, 9లలో యాప్‌ల లోపలి పేజీలను మామూలుగా క్రోమే చూపిస్తుంది, అందుకే వెబ్‌వ్యూ నిద్రపోతూ ఉంటుంది. మీ క్రోమ్ పాతదైతే, కొత్త పద్ధతిలో రాసిన చెల్లింపు పేజీ దానికి అర్థం కాక తెల్లగా మిగిలిపోతుంది.

ముందు సెట్టింగ్స్‌లో, యాప్స్ కింద క్రోమ్ వెర్షన్ చూడండి. 60, 70ల్లో ఉంటే కారణం దాదాపు అదే. ప్లే స్టోర్‌లో క్రోమ్‌ను అప్‌డేట్ చేసి, బిల్లు యాప్‌ను Force stop చేసి మళ్లీ తెరవండి. పాత క్రోమ్ ఇంకా నడుస్తూ ఉండవచ్చు కాబట్టి ఈ ఆపడం మానవద్దు.

క్రోమ్‌ను మీరే ఎప్పుడో ఆపేసి ఉంటే మాత్రం పని వెబ్‌వ్యూకు మారుతుంది, అప్పుడు దాన్నే అప్‌డేట్ చేయాలి.

ఆండ్రాయిడ్ 8కి క్రోమ్ 138తో ఆగిపోయింది. అది ఉన్నా పేజీ తెల్లగానే వస్తే తప్పు యాప్‌దే కావచ్చు. బిల్లును సంస్థ వెబ్‌సైటులో కట్టేయండి. బయటి సైట్ల నుంచి ఏపీకే ఫైళ్లు మాత్రం దింపుకోకండి.