సందేహాలతో రండి, కానీ సమయం రాసుకుని రండి

బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థులకు,

ఈ వారం నుంచి మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం 3 నుంచి 4:30 వరకు గణిత విభాగం గదిలో మీ కోసమే కూర్చుంటాను. ఒక్కొక్కరికి 15 నిమిషాలు. రోజుకు ఆరు సమయాలు అవుతాయి. అందులో చివరిది, 4:15ది, ముందుగా రాసుకోనివారి కోసం ఖాళీగా ఉంచుతాను.

సోమవారం ఉదయం గది తలుపు మీద కాగితం అంటిస్తాను. మీకు కావలసిన సమయం ఎదురుగా రోల్ నంబరు, అధ్యాయం, లెక్క సంఖ్య రాయండి. చాలామంది 'డౌట్స్' అని ఒక్క మాట రాసి వెళ్తారు. దానివల్ల నేను ముందుగా ఏమీ చూసి పెట్టుకోలేను, మీ 15 నిమిషాల్లో సగం సందేహం ఏమిటో తేల్చుకోవడానికే పోతుంది.

లెక్క చేయలేకపోయినా సరే, ఎంతవరకు చేశారో ఆ కాగితం తీసుకురండి. కొట్టివేతలు ఉన్నా సిగ్గుపడకండి, నాకు కావలసింది అవే. నిరుడు ఒక అమ్మాయి ఈ అవకలన సమీకరణంతో వచ్చింది:

```
x (dy/dx) + 2y = x³
```

y గుణకం 2 కదా అని సమాకలన గుణకాన్ని e²ˣ గా తీసుకుంది. మూడు పేజీలు నిండినా సమాధానం రాలేదు. ఇంటిగ్రేషన్ రావడం లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాగితం చూస్తే తప్పు రెండో వరుసలోనే ఉంది. ముందుగా మొత్తాన్ని x తో భాగించి dy/dx ను ఒంటరిగా నిలపాలి. అప్పుడు y గుణకం 2/x, సమాకలన గుణకం x² అవుతాయి. ఆ తర్వాత రెండే వరుసలు:

```
d/dx (x²y) = x⁴
x²y = x⁵/5 + C
```

గుణకం సరైనదో కాదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలో కూడా చెప్పాను. గుణకాన్ని y తో గుణించి అవకలనం చేస్తే, గుణకంతో గుణించిన మీ ఎడమవైపు యథాతథంగా తిరిగి రావాలి. e²ˣ తో అలా రాదు. ఇదంతా పది నిమిషాల్లో తేలింది. ఆ అమ్మాయి పాత కాగితం తేకుండా "ఈ అధ్యాయం అర్థం కాలేదు సార్" అని ఉంటే, నేను పాఠం మొత్తం మళ్లీ చెప్పేవాణ్ణి, ఆ తప్పు అలాగే ఉండిపోయేది.

ఒకే లెక్క దగ్గర ఆగిన ముగ్గురు ఒకే సమయానికి కలిసి రావచ్చు. ఒంటరిగా రావడానికి బెరుకుగా ఉంటే స్నేహితులను వెంటబెట్టుకోండి. రాలేకపోతే ముందు రోజు సాయంత్రంలోగా మీ నంబరు కొట్టివేయండి, ఇంకొకరికి ఆ చోటు దొరుకుతుంది. వారానికి ఒక్కసారే రాసుకోవాలి.

ఇంటర్నల్ పరీక్షల ముందు వారం సోమవారం మధ్యాహ్నానికే కాగితం నిండిపోతుంది. ముందుగా రాసుకునేందుకు వారానికి ఉన్నవి పది సమయాలు, మీరు అరవై మంది. ఇప్పుడు, తరగతుల రెండో వారంలో, సగం ఖాళీగానే ఉంటాయి. భాగించడం మరిచిపోయే తప్పు ఈ వారమే బయటపడితే తర్వాతి అధ్యాయం దానిమీద కట్టుకోవచ్చు.

తలుపు తెరిచే ఉంటుంది. నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి.

మీ గణితం లెక్చరర్